నాలుగు వేళ్ళ కప్ప

నేను గీసిన బొమ్మల్లో ఎక్కువమంది చూసింది ఒక కప్పని. దేవుళ్ళని గీశాను. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళని గీశాను. పెడన బట్టల అద్దకం వాళ్ళకి తీగలూ నెమళ్ళూ లెక్కలేనన్ని గీశాను. వాటిలో ఒక్కటైనా గుర్తున్న మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. కప్ప మాత్రం అందరికీ గుర్తుంది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు వచ్చి, చిన్నప్పుడు మేం తిన్న రింగుల ప్యాకెట్టు మీద కప్ప మీరు గీసిందేనటగా అంటారు. అవునంటాను. అన్నాక కాస్త సిగ్గేస్తుంది. కప్ప గురించి కాదు.

అప్పట్లో బందరు కోనేరు సెంటర్ దగ్గర సందులో నాకు చిన్న షాపుండేది. బోర్డులు రాసేవాణ్ణి, పెళ్ళికార్డులకి బొమ్మలు వేసేవాణ్ణి. అంతకుముందు పన్నెండేళ్ళు అద్దకం అచ్చులకి డిజైన్లు గీశాను. అచ్చుకి గీసే బొమ్మకి కొన్ని లెక్కలున్నాయి. గీత ఎక్కడా తెగకూడదు. గీతకీ గీతకీ మధ్య ఉలి దిగేంత చోటుండాలి. రంగుకో అచ్చు చెక్కాలి కాబట్టి రంగు పెంచే ముందు ఆలోచించుకోవాలి. ఆ లెక్కలతో పెరిగినవాడికి వంకర గీత చూస్తే ఒళ్ళు మండుతుంది. నాకు ఒళ్ళు మండడం ఎక్కువని మా ఇంట్లోవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

ఒకరోజు గుడివాడ నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ళది రైసుమిల్లు. మిల్లు పక్కన షెడ్డు వేసి, మొక్కజొన్న రవ్వతో పసుపుపచ్చ రింగులు చేసే మిషను పెట్టాడు. పిల్లలు ఆ రింగుల్ని వేళ్ళకి ఉంగరాల్లా తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కుతింటారు. ప్యాకెట్టు రూపాయి. ప్యాకెట్టు మీద ఎర్రటి అక్షరాలతో పేరుంది, ఇంకేమీ లేదు.

"చదవడం రానివాళ్ళకి అమ్ముతా అక్షరాలేయించానండీ," అన్నాడాయన, ఎవరి తప్పో చెప్పినంత మామూలుగా. "వేలు పెట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. ఒక బొమ్మ కావాలి."

నేను మొదట పీతని గీశాను. పాలకాయతిప్ప ఇసకలో పరిగెత్తే చిన్న పీత, డెక్కలకి రింగులు. చూడ్డానికి బాగుంది. ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క కొత్తగా వేస్తున్న రోజులవి. చుక్క పక్కన పీతుంటే జనం దేన్ని నమ్మాలని అడిగాడాయన. తర్వాత దూడని గీస్తే, అది పెరిగితే దున్నపోతు కదండీ అన్నాడు. ఏనుగుని గీస్తే ఏనుగులు ఇప్పటికే చాలా చోట్ల పనిచేస్తున్నాయన్నాడు. ఇంతలో వాన పడి మా షాపు ముందు కాలవలో కప్పలు మొదలుపెట్టాయి. విసుగొచ్చి కప్పని గీశాను. ఆయన చాలాసేపు చూసి, తన పెద్దమ్మాయికి ఫోన్లో బొమ్మ ఎలా ఉందో వర్ణించి చెప్పాడు. ఆ పిల్ల అటువైపు నవ్విందట. కప్ప ఖాయమైంది.

పెద్ద గుండ్రం ఒళ్ళు, నెత్తి మీద రెండు గుండ్రాల కళ్ళు, ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటే గీత నోరు. కుడిచెయ్యి పైకెత్తి చాపి ఉంటుంది. ఆ చేతికి నాలుగు వేళ్ళు, వేలికో రింగు. కప్ప ముందుకాలికి నాలుగే వేళ్ళు. ఊహించి గీయలేదు, కాలవ పక్కన కూర్చుని లెక్కపెట్టి గీశాను. ఆకుపచ్చ, పసుపుపచ్చ, నలుపు, పేరు అక్షరాలకి ఎరుపు. ప్యాకెట్లు హైదరాబాదులో అచ్చవుతాయి, అక్కడ కూడా రంగుకో రోలరు చెక్కాలట. వినగానే సొంత ఊరివాళ్ళు కనిపించినట్టనిపించింది.

బొమ్మని బొటనవేలి గోరంత చేసి చూశాను, కప్పలాగే ఉంది. ఒక బడికి తీసుకెళ్ళి పిల్లలకి ఒక్క నిమిషం చూపించి, దాచేసి, పలకల మీద వెయ్యమన్నాను. చాలామంది కళ్ళు నెత్తి మీదే పెట్టారు, వేళ్ళకి రింగులు మరిచిపోలేదు. పిల్లలు గుర్తుపెట్టుకుని వెయ్యగలిగితే బొమ్మ పనికొస్తుందని లెక్క. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. అసలు పని అక్కడే మొదలని అప్పటికి నాకు తెలీదు.

ప్యాకెట్టు ఒక్కటే కాదుగా. అట్టపెట్టెలు, షాపులకి కట్టే రేకు బోర్డులు, వాటికి మించి గోడలు. గుడివాడ వైపు గోడలు ఆయన మనుషులు చూసుకున్నారు. దివిసీమ గోడలు ఎవరికిద్దామని నన్నడిగాడు. నేను బావ పేరు చెప్పాను.

మాకు చుట్టరికమేమీ లేదు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే గురువు దగ్గర బ్రష్షులు కడిగాం, అప్పటినుంచీ ఒకర్నొకరం బావా అనే పిలుచుకున్నాం. అతనిది అవనిగడ్డ. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చేతిలో సుద్దముక్క కూడా లేకుండా నేరుగా బ్రష్షుతో గోడ మీద మనిషంత బొమ్మ లేపేవాడు. అలాంటి చెయ్యి నాకు లేదని నాకు తెలుసు, అతనికీ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఫ్లెక్సు మిషన్లు వచ్చాక సినిమా బ్యానర్లు పోయాయి, షాపుల బోర్డులు పోతున్నాయి. ఆ ఏడాది అతనికి నికరంగా ఉన్న పని మా కప్పే. అతని ఇంట్లో నలుగురు ఆ గోడల మీద బతుకుతున్నారు.

బావకి ప్యాకెట్టు ఒకటిచ్చి, దీన్ని చూసి వెయ్యమన్నాను. నెల తర్వాత చూద్దామని అవనిగడ్డలో బస్సు దిగాను.

మొదటి గోడ మీద కప్పకి ఐదు వేళ్ళున్నాయి. వేలు తక్కువున్న బొమ్మ పిల్లలకి మంచిది కాదని షాపువాళ్ళన్నారట, ఒకటి కలిపాడు. మోపిదేవిలో కప్ప నుదుట అడ్డంగా విభూతి రేఖలున్నాయి. కోడూరులో బడి ఎదురుగా ఉన్న కప్పకి నిక్కరు తొడిగాడు. హెడ్మాస్టరుగారు బాగోదన్నారని చెప్పాడు. నాగాయలంకలో కప్ప పడవెక్కి తెడ్డు వేస్తోంది. కప్పల తక్కెడ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఒకటి సరిచూసుకునేలోపు ఇంకొకటి మారిపోయి ఉంది. దారిపొడుగునా నాకు కోపం పెరుగుతూనే ఉంది. అయితే పడవ మీది కప్ప దగ్గర పావుగంట నిలబడ్డాను. కోపంగానే నిలబడ్డాను. అంత మంచి కప్పని నేను జన్మలో వెయ్యలేను.

"ఒకే బొమ్మ రెండుసార్లేస్తే చెయ్యి మొద్దుబారిపోద్ది బావా," అన్నాడతను. "ప్రతి ఊరికీ ఒక కప్పిచ్చాను. జనం ఆగి చూస్తన్నారు."

జనం నిజంగానే ఆగి చూస్తున్నారు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఆ వేసవిలో ఇంకెవరో కప్ప బొమ్మతో రింగులు తెచ్చి అమ్మడం మొదలుపెట్టారు. వాళ్ళ కప్ప కళ్ళు ముఖంలో ఉన్నాయి, వేళ్ళు ఐదు. మన ప్యాకెట్టు అయిపోయిన షాపుల్లో అది చేతిలో పెడుతున్నారు. ఇది కాదని పిల్లలకి తెలీదు, ఎందుకంటే ఏది అవునో గోడలు చెప్పడం లేదు. గుడివాడాయన ఫోన్ చేసి, జూన్‌లో బళ్ళు తెరిచేలోపు దివిసీమంతా ఒకే కప్ప ఉండాలన్నాడు. అది మీ మనిషి వల్ల కాకపోతే బెజవాడ పెయింటర్లకిచ్చేస్తానన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

నేను రెండు రోజులు షాపు మూసి కూర్చున్నాను. పెద్ద కాగితం మీద మూడడుగుల కప్పని గళ్ళు కొట్టి గీశాను. కన్ను ఎంతైతే వేలు అందులో సగం, నోరు నాలుగు కళ్ళంత. కప్పకి బట్టల్లేవు, బొట్టు లేదు, వాహనం లేదు అని పక్కన రాశాను. రంగుల సంగతి కూడా రాశాను. రేకు మీద ఎనామిల్ ఆరినా అలాగే ఉంటుంది గానీ గోడ మీద డిస్టెంపర్ ఆరితే పాలిపోతుంది, కాబట్టి తడిమీద కాస్త ముదురుగా కలపాలి, ఆరాక ప్యాకెట్టు పక్కన పెట్టి చూడాలి. తర్వాత గీతల వెంట సూదితో చిల్లులు పొడిచాను. ఆ కాగితాన్ని గోడకి ఆనించి, బొగ్గుపొడి మూటతో తడితే చిల్లుల్లోంచి పొడి దిగి గోడ మీద చుక్కల బొమ్మ పడుతుంది. చుక్కల మీద గీత గీస్తే ఎవరు వేసినా ఒకటే కప్ప. రేకు బోర్డులకి అడుగు కప్ప కాగితం వేరే చేశాను.

బావ కాగితాన్ని ఎండకేసి పట్టుకుని చిల్లుల్లోంచి నన్ను చూశాడు. చుక్కలు కలిపే పనికి తనెందుకని అడిగాడు. గోడలు పోతాయన్నాను. అతను కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మూడు వారాల్లో అన్ని గోడలకీ సున్నం కొట్టి మళ్ళీ వేశాడు. పడవ కప్ప కూడా పోయింది.

మే నెలాఖరున గుడివాడాయన జీపు వేసుకొచ్చాడు. నన్ను ఎక్కించుకుని దివిసీమలోకి దిగాడు. మొదటి ఊళ్ళో కప్ప అచ్చం కప్పలా ఉంది. రెండో ఊళ్ళోనూ అంతే. ఆయన ప్యాకెట్టు తీసి గోడ పక్కన పెట్టి చూసి తలాడించాడు. నాకు ప్రాణం కుదుటపడింది. మూడో ఊళ్ళో ఆయన జీపు దిగకుండా కాసేపు అలాగే చూశాడు.

"ఇది ఎడంచెయ్యి కదండీ," అన్నాడు.

ఎడంచెయ్యే. ఒళ్ళు అదే, కళ్ళు అవే, నాలుగు వేళ్ళు, నాలుగు రింగులు. చాపింది మాత్రం ఎడంచెయ్యి. తినే వస్తువుని ఎడంచేత్తో పెడుతోంది. అక్కణ్ణించి చూసుకుంటూ వెళ్తే దాదాపు సగం కప్పలు ఎడంచేతివే. నాగాయలంకలో ఒక కప్పకి చెయ్యే లేదు. భుజం దాకా సున్నం కొట్టేసి ఉంది. షాపులో పెద్దావిడ బయటికొచ్చి తనే కొట్టించానంది.

"పొద్దున్నే బోణీ వేళకి ఎడం చేత్తో పెడతందండీ ఇది," అందావిడ. "మీ ప్యాకెట్లు అమ్ముతాను, ఆ చెయ్యి మాత్రం నా గోడ మీదొద్దు."

ఏం జరిగిందో నాకు ఆ గోడ దగ్గరే అర్థమైంది. గోడలు రాసేవాళ్ళకి ఒక పద్ధతుంది. షాపు గోడ మీద బొమ్మ ఏదైనా గుమ్మాన్ని చూడాలి, చాపిన చెయ్యి గుమ్మం వైపే ఉండాలి. చెయ్యి వీధివైపుంటే బేరం బయటికి పోతుందంటారు. మా గురువు దగ్గర మొదట నేర్చుకున్నదే అది. కప్ప గుమ్మానికి ఆ పక్క పడ్డప్పుడల్లా బావ కాగితాన్ని తిప్పి ఆనించాడు. చిల్లులు రెండువైపులా ఒకటేగా, పొడి ఎటునుంచైనా దిగుతుంది. పేరు చేత్తో రాస్తాడు కాబట్టి అది తిరగబడలేదు. కప్ప మాత్రం తిరగబడింది.

ఆ వీధి చివర్నే బావ ఆఖరి గోడ వేస్తున్నాడు. మమ్మల్ని చూసి నిచ్చెన దిగి వచ్చాడు. గుడివాడాయన అతనివైపు తిరగలేదు, నావైపు తిరిగాడు.

"కాగితం ఏ పక్క పెట్టాలో మీరు చెప్పలేదా ఈయనకి?"

నేను చెప్పలేదు. కాగితం మీద కన్ను కొలత రాశాను, వేలు కొలత రాశాను, నిక్కరు వద్దని రాశాను, ఇటువైపే ఆనించాలని రాయలేదు. అచ్చుల పనిలో బొమ్మని చెక్క మీద బోర్లించి అంటించుకోవడం చెక్కేవాడి పని, మేం చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళ ఆ అలవాటు నా తల్లోంచి పోలేదు. ఇదంతా ఆయనకి చెప్పడానికి అర నిమిషం పట్టేది.

"చెప్పానండీ," అన్నాను.

బావ గుడ్డతో బ్రష్షు తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"చెప్పారండీ," అన్నాడు. "నేనే మర్చిపోయాను."

తిరుగు దారిలో గుడివాడాయన వచ్చే వారం నుంచి గోడలు బెజవాడ వాళ్ళు చూసుకుంటారన్నాడు. నేను ఊకొట్టాను. బావ ఎందుకలా అన్నాడో నాకు తెలుసు. నా మాట పోతే నాకు పని పోతుంది. నాకు పని ఉంటే రేపెప్పుడైనా తనకింత పని వస్తుంది. లేదా అదేమీ కాదేమో, నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టం లేకపోయిందేమో. ఎలా చూసినా నేనే చిన్నవాణ్ణి అవుతున్నాను. నాలుగు రోజులు షాపులో ఒక్క గీత తిన్నగా రాలేదు. సైకిలు షాపు బోర్డు ఒకటి రెండుసార్లు చెరిపాను. నా మీద నాకున్న కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలీక ఆ సైకిలు షాపాయన్ని కసిరాను.

ఐదో రోజు గుడివాడ బస్సెక్కాను. షెడ్డులో మిషను రింగుల్ని రాలుస్తోంది, పెద్ద డ్రమ్ములో మసాలా తిరుగుతోంది, గాలంతా ఉప్పూ కారం. ఆ చప్పుడులో చెప్తే సగమే వినిపిస్తుందని ఆశపడ్డాను. ఆయన నన్ను ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు. పూర్తిగా చెప్పాల్సొచ్చింది. కాగితం మీద రాయలేదని, చెప్పానని అబద్ధమాడానని, బావ తప్పేమీ లేదని చెప్పాను.

ఆయన కాసేపు ఒక రింగుని వేలికి తొడిగి తీశాడు.

"మీరిద్దరూ ఒకరి తప్పు ఒకరు మోసుకోండి, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. "నాకు కప్ప కుడిచెయ్యి కావాలి. బడి తెరిచేదాకా పదకొండు రోజులుంది. మీరు పక్కన నిలబడతారా?"

నిలబడతానన్నాను. గోడలు బావకి దక్కాయి. ఈ కబురు నేనే చెప్పాలని అవనిగడ్డ వెళ్ళాను. తప్పు నాదేనని ఆయనకి చెప్పొచ్చానని కూడా చెప్పాను. బావ విన్నాడు. సంతోషించాడనే అనుకుంటాను. లోపలికి కేకేసి మంచినీళ్ళు తెప్పించాడు.

"మంచిదండీ ఆర్టిస్టు గారూ," అన్నాడు. "రేపు పొద్దున్నే మొదలుపెడదాం."

గుడివాడాయన ముందు మర్యాదకి అండీ అన్నాడంటే అర్థముంది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. నేను వేళాకోళం అనుకుని నవ్వాను. అతను నవ్వలేదు.

ఈసారి కాగితం మీద ఎర్ర రంగుతో ఇటువైపే అని రాశాను. అది చూడకుండా ఆనించినా తెలిసేలా పై మూల కత్తిరించాను. మరి గుమ్మానికి రెండోపక్క గోడలు ఏం చెయ్యాలన్నది మాత్రం నాకు తోచలేదు. అది బావే తేల్చాడు. కప్ప మనకి ఎదురుగా ఉంటుంది కాబట్టి దాని కుడిచెయ్యి మనకి ఎడమవైపు వస్తుంది. వీధిలోంచి చూస్తే గుమ్మానికి కుడిపక్క గోడ మీద వేస్తే చాలు, చెయ్యీ కుడిదే, గుమ్మం వైపే. ఆ పక్క గోడ లేనిచోట పేరొక్కటే రాయాలి, కప్ప వెయ్యకూడదు. ఇంత తేలిక సంగతి నాకెందుకు తట్టలేదని పైకే అన్నాను. మీకు చాలా పనులుంటాయి కదండీ అన్నాడు.

తొమ్మిది రోజులు తిరిగాం. నేను కాగితం పట్టుకుంటే అతను పొడి అద్దేవాడు. మధ్యాహ్నం ఒకే చెట్టు కింద కూర్చుని అతను తెచ్చుకున్న క్యారేజీ అతను, నాది నేను తిన్నాం. వెనకటి రోజుల్లో అయితే నా కూర సగం అతని గిన్నెలో ఉండేది. బావా అని నేను పిలిస్తే పలికేవాడు. నన్ను మాత్రం ఆ పిలుపుతో పిలవలేదు. ఎప్పుడూ మర్యాదగానే ఉన్నాడు, పని ఎక్కడా చెడగొట్టలేదు. గొడవ పడడానికి అతను నాకేమీ మిగల్చలేదు.

ఆఖరి గోడ పాలకాయతిప్ప దారిలో ఒక చిన్న బడ్డీ పక్కన. అటు ఉప్పునేల, ఇటు ఉప్పునేల, షాపులో మనిషి కూడా లేడు. గుడివాడాయన జీపు ఇంతదూరం ఎప్పటికీ రాదు. నాకు ఉన్నట్టుండి ఏమనిపించిందో, కాగితం చుట్టి పక్కన పెట్టేశాను.

"ఈ ఒక్కటీ నీ ఇష్టమొచ్చినట్టు వెయ్యి బావా," అన్నాను. "ఎట్టా వేసినా నేనేమీ అనను."

అతను నావంక ఒకసారి చూశాడు. వంగి కాగితం తీసుకున్నాడు, విప్పి, ఎర్ర అక్షరాలు తనవైపు ఉన్నాయో లేదో చూసుకుని, గోడకి ఆనించి తనే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పొడిమూట అద్దాడు. చుక్కలు పడ్డాయి. చుక్కల వెంట గీత గీశాడు. ఆకుపచ్చ నింపాడు, నాలుగు వేళ్ళకి నాలుగు రింగులు వేశాడు. గంటన్నర పట్టింది. రంగు ఆరేదాకా ఇద్దరం ఎండలో నిలబడ్డాం.

"ప్యాకెట్టు పెట్టి చూసుకోండి ఆర్టిస్టు గారూ," అన్నాడు. "తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి. మళ్ళీ నేను మర్చిపోయానంటారు."

ప్యాకెట్టు తీసి గోడ పక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. లేదనే చెప్పాను.